పౌచ్ మీద ఒక ఎరుపు, పెట్టె మీద ఇంకో ఎరుపు

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పచ్చళ్లు, కారప్పొడుల చిన్న వ్యాపారం. లోగో మిరపపండు ఎరుపు. పౌచ్‌లు హైదరాబాద్‌లో, అట్టపెట్టెలు శివకాశిలో, సీసాల స్టిక్కర్లు ఇక్కడే వేయిస్తున్నాం. ముగ్గురికీ ఒకే ఫైలు పంపాను. పౌచ్ మీద ఎరుపు ముదురుగా వచ్చింది, పెట్టె మీద నారింజలా ఉంది, స్టిక్కర్ మీద గులాబీ ఛాయ కొడుతోంది. షాపులో పక్కపక్కన పెడితే మూడు కంపెనీల సరుకులా కనిపిస్తోంది. అడిగితే ముగ్గురూ "ఫైల్లో ఉన్నదే వేశాం" అంటున్నారు. డిజైనర్ పాంటోన్ 485 అనే రంగు నంబర్ రాసి పంపమంటున్నారు. అది రాస్తే చాలా? – ఒక పాఠకురాలు

జవాబు: నంబర్ ఒక్కటే రాస్తే చాలదండి, కానీ మీ డిజైనర్ చూపించింది సరైన దారే. ముందు ఒక మాట చెప్పాలి, ఆ ముగ్గురూ మీతో అబద్ధమాడటం లేదు. ఫైల్లో ఉన్నదే వేశారు. మీ ఫైల్లో ఉన్నది ఒక రంగు కాదు, రెండు ఇంకుల కొలతలు. చిక్కంతా అక్కడే ఉంది.

నేను మీ ఫైలు చూడలేదు గానీ, మీరు చెప్పిన తేడాలను బట్టి అది మామూలు నాలుగు కలర్ల ఫైలే అయివుంటుంది. అందులో మీ ఎరుపు దగ్గర మెజెంటా 95, పసుపు 100 లాంటి అంకెలు ఉంటాయి. అంటే ఎరుపు అనే ఇంకు ఎక్కడా లేదు. మెజెంటా చుక్కలు, పసుపు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడితే మన కంటికి ఎరుపులా కనిపిస్తుంది. ఇప్పుడు శివకాశిలో మెషీన్ మీద మెజెంటా కాస్త తగ్గితే ఎరుపు నారింజ వైపు పోతుంది. గుంటూరులో పసుపు కాస్త తగ్గితే గులాబీ వైపు పోతుంది. ఆ మెషీన్ మీద చుక్క ఎంత ఉబ్బుతుంది, ఆ కంపెనీ మెజెంటా ఎలాంటిది, ఆ షీటులో పక్కనున్న వేరేవాళ్ల బొమ్మ కోసం ఆపరేటర్ ఏ ఇంకు పెంచాడు, ఇవన్నీ మీ లోగో మీద ప్రభావం చూపిస్తాయి. రెండు ఇంకుల తూకం మూడు ఊళ్లలో, మూడు రకాల మెషీన్ల మీద ఒకేలా నిలవాలంటే కుదరదు.

మీ డిజైనర్ చెప్పిన నంబర్ స్పాట్ కలర్‌ది. స్పాట్ కలర్ అంటే ఆ ఎరుపును ముందే డబ్బాలో కలిపేసి, మెషీన్ మీద దానికంటూ ఒక యూనిట్ ఇచ్చి, చుక్కలు లేకుండా నిండుగా వేయడం. ప్రెస్సుల్లో దీన్నే స్పెషల్ కలర్ అనో, నాలుగు కలర్లు కూడా ఉంటే ఫిఫ్త్ కలర్ అనో అంటారు. పెళ్లింట్లో పారాణి కలిపినట్టే అనుకోండి. పసుపు, సున్నం ఒక గిన్నెలో కలిపి అందరికీ అదే పెడితే ఎరుపు మారదు, ఎవరికి వాళ్లు చేతిలో కలుపుకుంటే ఒక్కొక్కరిదీ ఒక్కో ఛాయ. అయితే గిన్నె ఒకటే అయినా పాదం ఛాయను బట్టి పారాణి కనబడే తీరు మారుతుంది కదా, ప్రింటింగ్‌లోనూ అంతే. స్పాట్ కలర్‌తో తూకం తప్పడం ఆగుతుంది. ఇంకా మూడు మిగిలి ఉంటాయి: ఇంకు ఎంత మందంగా పడింది, దాని కింద ఏముంది, దాని పైన ఏం వేశారు. మీ పౌచ్, పెట్టె, స్టిక్కర్ ఈ మూడింటిలోనూ వేరు. అందుకే నంబర్ ఒక్కటే చాలదన్నాను.

ఆ నంబర్ గురించి కూడా కొంచెం చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. పాంటోన్ కంపెనీ వేసే రంగుల నమూనా పుస్తకంలో 485 C అని ఒకటి, 485 U అని ఒకటి ఉంటాయి. ఇవి రెండు వేర్వేరు ఇంకులు కావు. ఒకే ఇంకును నున్నటి కోటెడ్ కాగితం మీద వేస్తే C, కోటింగ్ లేని కాగితం మీద వేస్తే U. పక్కపక్కన పెట్టి చూస్తే U చాలా వెలసినట్టు ఉంటుంది. ఒకే కంపెనీ, ఒకే ఇంకు, కాగితం మారితేనే అంత తేడా వస్తున్నప్పుడు, పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్మ్ వెనకనుంచి వేసే మీ పౌచ్‌కి ఆ పుస్తకం అసలు జవాబే చెప్పదు. పైగా ఆ పుస్తకం కూడా కాగితమే. వెలుతురుకి, చేతుల చెమటకి రంగు మారుతుంది, అందుకే కొంతకాలానికి కొత్తది కొనుక్కోమని ఆ కంపెనీయే చెప్తుంది. ప్రెస్సు కౌంటర్లో ఎనిమిదేళ్లుగా నలుగుతున్న పుస్తకం హైదరాబాద్‌లో ఒకటి, శివకాశిలో ఒకటి ఉంటే, ఇద్దరూ 485 చూసే వేసినా ఇద్దరూ చూసింది ఒకటి కాదు.

కాబట్టి పుస్తకం నుంచి నంబర్ ఎంచుకోండి, కానీ అక్కడితో ఆగకండి. ఆ నంబర్ మీ మూడు మెటీరియళ్ల మీద ఎలా వస్తుందో చూసి, మూడూ అందుకోగల ఒక ఎరుపుని మీరే ఖాయం చేసుకుని, దానికి మీ సొంత నమూనా తయారు చేయించుకోండి. నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదే. పుస్తకంలో అందంగా ఉన్న రంగు కంటే, మీ అన్నింట్లోకీ బలహీనమైన ప్యాకింగ్ మీద కూడా వచ్చే రంగు మీకు పనికొస్తుంది.

నేను ప్యాకేజింగ్ ప్రెస్సులో ఫైళ్లు సిద్ధం చేసే పనిలో ఉన్నప్పుడు ఒక స్వీట్ల వ్యాపారి పుస్తకం తిరగేసి బాగా మెరిసే ఒక నారింజ రంగు ఎంచుకున్నారు. పౌచ్ మీద అద్భుతంగా వచ్చింది. ఏడాదికి సరిపడా వేయించేశారు. తర్వాత స్టిక్కర్లు తక్కువ సంఖ్యలో కావాలని డిజిటల్ మెషీన్ మీద వేయించబోతే, ఆ నాలుగు ఇంకులతో ఆ నారింజ రానే రాదు. ఎంత తంటాలు పడ్డా ఇటుక రంగులా వచ్చేది. ఆ మెషీన్ తప్పు కాదు, మెరిసే నారింజలు, కొన్ని నీలాలు, ఆకుపచ్చలు నాలుగు ఇంకుల పరిధికి బయటే ఉంటాయి. స్టిక్కర్ ముందు చూసి, పౌచ్ తర్వాత ఖాయం చేసుంటే ఆ నారింజని కాస్త తగ్గించి ఎంచుకునేవాళ్లం. ఆ ఫైలు నా చేతుల మీదుగానే వెళ్లింది, ముందే అడగాల్సింది నేనే, అది నాకు ఇప్పటికీ బాధే.

మీ విషయంలో ముందు స్టిక్కర్ వేసేవాళ్లకి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: మీది డిజిటలా, ఆఫ్‌సెట్టా, ఫ్లెక్సోనా, స్పెషల్ ఇంకు వేయగలరా? ఆఫ్‌సెట్ గానీ ఫ్లెక్సో గానీ అయితే ఇబ్బంది లేదు, ఇంకు కలిపి వేస్తారు. డిజిటల్ అయితే సాధారణంగా స్పాట్ ఇంకు ఉండదు, నాలుగు కలర్లతోనే దగ్గరగా తెస్తారు. అప్పుడు 485తో పాటు దానికి అటూ ఇటూ ఉన్న నాలుగైదు ఎరుపులని మీరు వాడే అసలు స్టిక్కర్ మెటీరియల్ మీదే ఒక షీటు వేయించండి. ఖర్చు పెద్దగా ఉండదు. అందులో మీకు నచ్చిన, మళ్లీ మళ్లీ రాగలిగిన ఎరుపుని తీసుకుని హైదరాబాద్‌కి, శివకాశికి ఆ ముక్క పంపండి. ఆ రెండు చోట్లా ఇంకు కలిపి చేస్తారు కాబట్టి వాళ్లు దాన్ని అందుకోగలరు. అక్కడ మెరిసేది ఎంచుకుని ఇక్కడికి తేవడం కష్టం, ఇక్కడ వచ్చేది అక్కడికి తీసుకెళ్లడం తేలిక. మిరపపండు ఎరుపు కాబట్టి మీకు అంత ఇబ్బంది రాకపోవచ్చు, నారింజ కంటే ఎరుపులు డిజిటల్‌లో మెరుగ్గానే వస్తాయి.

ఇక షేడ్ కార్డ్. ఈ మాట మీ ప్రింటర్లకి బాగా తెలుసు, పెద్ద కంపెనీలు అడక్కుండా పని ఒప్పుకోవు, చిన్నవాళ్లం మనం అడగం కాబట్టి వాళ్లూ ఇవ్వరు. షేడ్ కార్డ్ అంటే మీ ఎరుపు మూడు ముక్కలుగా ఉన్న నమూనా. మధ్యలో అసలు షేడ్, ఒకవైపు ఒప్పుకోదగ్గ లేత, ఇంకోవైపు ఒప్పుకోదగ్గ ముదురు. ఆ లేతకి, ముదురుకి మధ్యలో వస్తే సరుకు తీసుకుంటారు, దాటితే తీసుకోరు. మాటల్లో "కొంచెం డార్క్ అయింది" అని ఫోన్లో వాదించుకోవడం దీంతో ఆగిపోతుంది. ముఖ్యమైన సంగతి, ప్రతి ప్రింటరూ తన సొంత మెటీరియల్ మీద, తన సొంత ఇంకుతో, చివరి లామినేషన్ దాకా అయ్యాక ఈ కార్డు చేయాలి. కాగితం మీద చేసిన కార్డు పట్టుకుని పౌచ్‌ని తిడితే లాభం లేదు. ఒక్కొక్కటి కనీసం మూడు కాపీలు చేయించి, వెనక తేదీ వేసి, మీరూ వాళ్లూ సంతకాలు చేసి, ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మీ దగ్గర, ఒకటి విప్పకుండా కవర్లో బీరువాలో. రోజూ చూసే కాపీ వెలుస్తుంది, బీరువాలోది తీసి పోల్చితే తెలిసిపోతుంది.

కార్డుతో పాటు అంకెలు కూడా రాయించుకోండి, ఇది మొదట భయపెడుతుంది గానీ తేలికే. ఓ మాదిరి ప్రెస్సుల్లో స్పెక్ట్రో అని పిలిచే చిన్న మీటర్ ఉంటుంది. రంగు మీద పెట్టి నొక్కితే L*, a*, b* అని మూడు అంకెలు చూపిస్తుంది. L* అంటే రంగు ఎంత లేతగా ఉంది, 0 నలుపు, 100 తెలుపు. a* పెరిగితే ఎరుపు వైపు, తగ్గితే ఆకుపచ్చ వైపు. b* పెరిగితే పసుపు వైపు, తగ్గితే నీలం వైపు. ఈ మూడూ కలిస్తే ఒక రంగుకి చిరునామా లాంటిది. రెండు రంగుల మధ్య దూరాన్ని డెల్టా ఇ అంటారు.

ఉదాహరణకి మీ ఖాయమైన స్టిక్కర్ ఎరుపు 48, 62, 46 వచ్చిందనుకుందాం. శివకాశి నుంచి వచ్చిన పెట్టె కొలిస్తే 46, 59, 44 వచ్చింది. తేడాలు 2, 3, 2. పాత లెక్కలో వీటిని ఒక్కోదాన్ని దానితోనే గుణించి కూడితే 4, 9, 4 కలిపి 17, దాని వర్గమూలం సుమారు 4.1. అదే తేడాని 2000లో వచ్చిన కొత్త ఫార్ములాతో లెక్కేస్తే సుమారు 2.1 మాత్రమే వస్తుంది, ఎందుకంటే గాఢమైన రంగుల్లో గాఢత కొంచెం తగ్గినా మన కన్ను అంతగా పట్టుకోదు, కొత్త ఫార్ములా ఆ సంగతి లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి "డెల్టా ఇ 3 లోపల ఉండాలి" అని మాత్రమే రాస్తే, ఇదే పెట్టె ఒక లెక్కలో ఫెయిల్, ఇంకో లెక్కలో పాస్. ఏ ఫార్ములానో ఆర్డర్ కాగితం మీద రాయాలి. నేనైతే 2000 ఫార్ములాలో 2 లోపల అడుగుతాను, పౌచ్‌కి 3 దాకా ఒప్పుకుంటాను. అంతకంటే బిగిస్తే చిన్న ఆర్డర్లకి ఎవరూ ముందుకు రారు. ఈ లెక్క ప్రకారం ఆ పెట్టె 2.1 కాబట్టి అంచు మీద ఉంది, మళ్లీ వేయమని నేను పట్టుబట్టను, తర్వాతి సారి సరిచేయమంటాను.

ఆ సరిచేయడం ఎటు అన్నది కూడా అంకెల్లోనే ఉంటుంది. మొత్తం దూరం ఒక్కటే చూస్తే అది తెలియదు. పై ఉదాహరణలో మూడూ తగ్గాయి, అంటే ముదిరింది, పైగా ఎరుపూ పసుపూ రెండూ తగ్గి మాసినట్టయింది. ఇంకు మరీ ఎక్కువ పడిందనుకుంటే రంగు ముదురుతుంది గానీ ఇలా మాసిపోదు. కాబట్టి నా అనుమానం, ముందు పని తాలూకు నలుపో నీలమో రోలర్ల మీద సరిగా కడగకుండా మిగిలి మీ ఎరుపులో కలిసి ఉంటుంది. అదే L* పెరిగి మిగతా రెండూ తగ్గితే ఇంకు పల్చగా పడినట్టు, మెషీన్ మీదే ఇంకు పెంచితే సరిపోతుంది. b* ఒక్కటే బాగా తగ్గి, మిగతావి సరిగానే ఉంటే ఇంకు కలపడంలో తేడా, దాన్ని మెషీన్ మీద సరిచేయలేరు, డబ్బాలోనే సరిచేయాలి. ఈ మూడు ముక్కలు గుర్తుంటే ఫోన్లో మీరు "ఎరుపు బాలేదు" అనరు, "b* మూడు తగ్గింది, ఇంకు మళ్లీ కలపండి" అంటారు. అప్పుడు అవతలివాళ్లు వినే తీరే మారుతుంది.

ఒక జాగ్రత్త. మీటర్లో వెలుతురు, కోణం అని సెట్టింగులు ఉంటాయి. ప్రింటింగ్‌లో సాధారణంగా D50, 2 డిగ్రీలు వాడతారు, కొన్ని ఇంకు కంపెనీలు D65, 10 డిగ్రీలు పెట్టుకుంటాయి. రెండు చోట్లా వేరే సెట్టింగ్ ఉంటే ఒకే ముక్కకి వేరే అంకెలు వస్తాయి. అంకెల పక్కనే సెట్టింగ్ కూడా రాయమనండి. ఇంకా మంచి పద్ధతి, మూడు ఊళ్ల సరుకునీ ఎవరో ఒకరి దగ్గర ఒకే మీటర్‌తో కొలిపించండి.

ఇప్పుడు పౌచ్ ఎందుకు ముదిరిందో చూద్దాం, ఎందుకంటే అన్నిట్లోకీ తిరకాసు అక్కడే. పౌచ్‌లు ఎక్కువగా గ్రావ్యూర్ మెషీన్ మీద వేస్తారు, ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్. సన్నటి పారదర్శక ఫిల్మ్ వెనక వైపు ముందు ఎరుపు వేసి, దాని వెనక తెల్ల ఇంకు వేసి, ఆ పైన ఇంకో పొర అతికిస్తారు. మీరు ఎరుపుని ఫిల్మ్ లోంచి చూస్తున్నారు. ఎరుపు ఇంకు పారదర్శకం, దానికి వెలుగునిచ్చేది వెనకున్న తెలుపే. ఆ తెలుపు పల్చగా పడితే లోపలి కారం గానీ, అల్యూమినియం పొర ఉంటే దాని బూడిద రంగు గానీ వెనకనుంచి తొంగిచూస్తుంది, ఎరుపు ముదిరి మాసిపోతుంది. పరీక్ష చాలా తేలిక. ఖాళీ పౌచ్ లోపల ఒకసారి తెల్లకాగితం, ఒకసారి నల్లకాగితం పెట్టి బయటనుంచి లోగో చూడండి. ఎరుపు మారితే తెలుపు చాలడం లేదు. అప్పుడు ఎరుపు ఇంకు మార్చమని అడగొద్దు, తెలుపు పెంచమనండి. అల్యూమినియం పొర ఉన్న పౌచ్‌కి ఈ పరీక్ష పనికిరాదు, దానికి మీటరే దిక్కు.

గ్రావ్యూర్‌లో ఇంకో సంగతి, ఆ ఇంకు నీళ్లలా పల్చగా ఉంటుంది, సాల్వెంట్ ఎగిరిపోతూ ఉంటే చిక్కబడుతుంది, చిక్కబడితే మొదటి రోల్‌కీ చివరి రోల్‌కీ షేడ్ మారిపోతుంది. అందుకే కింద రంధ్రం ఉన్న చిన్న కప్పుతో ఇంకు ముంచి, అది కారిపోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తూ ఆపరేటర్ సాల్వెంట్ కలుపుతుంటాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇది తరచుగా చూడాలి. మీరు మెషీన్ దగ్గరికి వెళ్లలేరు గానీ, ప్రతి రోల్ మొదట్లోంచి ఒక ముక్క కోసి రోల్ నంబర్ రాసి పంపమని ఆర్డర్‌లోనే రాయండి. ఆ ముక్కలన్నీ వరసగా పేర్చితే షేడ్ ఎక్కడ జారిందో కంటికే కనబడుతుంది.

పెట్టెల్లో చూడాల్సింది అట్ట, లామినేషన్. డూప్లెక్స్ బోర్డు తెలుపు ఒక్కో మిల్లుది ఒక్కోలా ఉంటుంది, కొన్ని పసుపు వైపు, కొన్ని నీలం వైపు. పోయినసారి వాడిన బోర్డు దొరక్క వేరేది వాడితే ఇంకు అదే అయినా ఎరుపు కదులుతుంది, కాబట్టి బోర్డు మిల్లు పేరు, గ్రాముల బరువు బిల్లు మీద రాయించండి. మాట్ లామినేషన్ రంగుని వెలసినట్టు చేస్తుంది, మెరిసే గ్లాసీ లామినేషన్ గాఢంగా చేస్తుంది. మెషీన్ మీదనుంచి తీసిన తడి షీటు చూసి బాగుందని ఓకే చెప్పి, తర్వాత మాట్ లామినేషన్ అయ్యాక ఏడ్చినవాళ్లు చాలామంది. పైగా ఆఫ్‌సెట్ ఇంకు తడిగా ఉన్నప్పుడు మెరుస్తూ నిండుగా ఉంటుంది, ఆరాక మెరుపు తగ్గుతుంది. కనీసం ఒక రాత్రి ఆరిన, లామినేషన్ అయిన ముక్కతోనే పోల్చాలి. దీన్నిబట్టే ఇంకో మాట కూడా, ఒకదాని మీద మాట్, ఇంకోదాని మీద గ్లాసీ పెట్టి రెండూ ఒకేలా కనబడాలంటే మీటర్ ఒప్పుకున్నా కన్ను ఒప్పుకోదు. వీలైతే అన్నిటికీ ఒకటే ఫినిష్ పెట్టుకోండి.

సరుకు పంపే గోధుమరంగు పార్సిల్ డబ్బాలు కూడా ఉన్నాయా? ఉంటే వాటి మీద ఈ ఎరుపు రాదు. ఆ కాగితమే గోధుమ రంగు, పారదర్శకమైన ఎరుపు దాని మీద పడితే ఎండిపోయిన మిరపకాయ రంగు అవుతుంది. పైపొర తెల్ల కాగితంతో డబ్బా చేయించుకోవచ్చు, ఖర్చు పెరుగుతుంది. నా సలహా, పార్సిల్ డబ్బా మీద లోగోని నలుపులో వేయండి. తప్పు ఎరుపు కంటే శుభ్రమైన నలుపు ఎంతో మేలు.

ఖర్చు సంగతికొస్తే, శివకాశిలో తక్కువ సంఖ్య పెట్టెలని చాలాసార్లు వేరేవాళ్ల పనులతో కలిపి ఒకే పెద్ద షీటు మీద వేస్తారు, అందుకే అంత చవక. అలా కలిపి వేసేచోట మీకోసం స్పెషల్ కలర్ పెట్టరు. స్పాట్ కావాలంటే షీటు మొత్తం మీదే కావాలి, అదనపు ప్లేటు, రోలర్లు కడిగే ఖర్చు కూడా పడతాయి. కానీ మీ పెట్టె మీద ఫోటోలు లేకుండా ఎరుపు, నలుపు మాత్రమే ఉండేలా డిజైన్ మారిస్తే నాలుగు కలర్ల అవసరమే ఉండదు, రెండు కలర్ల పని అయిపోతుంది, అప్పుడు స్పాట్ ఎరుపుతో కూడా ధర పెద్దగా పెరగకపోవచ్చు. డిజైనర్‌తో ఇది మాట్లాడండి. స్టిక్కర్లు కూడా ఆఫ్‌సెట్‌లోనే కాగితం మీద వేయిస్తే, ఒక ఇంకు కంపెనీ దగ్గర మీ ఎరుపు రెండు మూడు కిలోలు ఒకేసారి కలిపించి, అదే డబ్బాల్లోంచి అక్కడికీ ఇక్కడికీ పంపొచ్చు. పౌచ్ ఇంకు వేరే జాతి, దానికి ఇది పనికిరాదు, హైదరాబాద్ వాళ్లకి నమూనా ముక్క, అంకెలు ఇచ్చి వాళ్ల ఇంకుతోనే కలిపించాలి.

పౌచ్ ఇంకు వేరు అన్నాను కదా, అందులోంచి ఇంకో చిక్కు వస్తుంది. వేర్వేరు రంగుపొడులతో చేసిన రెండు ఎరుపులు ఒక వెలుతురులో ఒకేలా, ఇంకో వెలుతురులో వేరుగా కనిపించవచ్చు. చీర, జాకెట్టు షాపులో కలిశాయనుకుని బయటికొచ్చి చూస్తే కలవకపోవడం మీకు తెలిసిందే. అందుకని ఏ ముక్కనైనా పగలు కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడనిచోట ఒకసారి, మీ సరుకు అమ్మే షాపు లైట్ల కింద ఒకసారి, రెండుచోట్లా చూశాకే ఓకే చెప్పండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూసి ఎప్పుడూ చెప్పొద్దు, ఫోన్ కెమెరా రంగుని తనిష్టం వచ్చినట్టు మార్చేస్తుంది.

ఫైలు విషయంలో డిజైనర్‌కి చెప్పాల్సింది తక్కువే. లోగో ఎరుపుని స్పాట్ స్వాచ్‌గా పెట్టాలి, అన్ని ఫైళ్లలో పేరు ఒకేలా, అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒకచోట PANTONE 485 C అని, ఇంకోచోట Pantone 485 అని ఉంటే సాఫ్ట్‌వేర్ వాటిని రెండు రంగులనుకుని రెండు ప్లేట్లు తీస్తుంది. పీడీఎఫ్ చేసేటప్పుడు స్పాట్‌ని నాలుగు కలర్లలోకి మార్చే ఆప్షన్ టిక్ అయి ఉండకూడదు, చాలా ఫైళ్లు అక్కడే పాడవుతాయి. తయారైన పీడీఎఫ్‌ని Acrobat Proలో తెరిచి Output Preview చూస్తే ఎరుపు విడిగా ఒక పేరుతో కనిపించాలి, కనిపించకపోతే ఆ ఫైలు పంపకండి. ఇంకా లోగో చుట్టూ అన్ని ప్యాకింగ్‌ల మీదా ఒకేలా తెల్లటి చోటు వదలమనండి. పసుపు మీద పెట్టిన ఎరుపు, ఆకుపచ్చ మీద పెట్టిన ఎరుపు కొలతల్లో ఒకటే అయినా కంటికి వేరుగా కనబడతాయి, ఆ తేడాని ఏ ప్రింటరూ సరిచేయలేడు.

ఇప్పటికే వేయించిన సరుకు పారేయక్కర్లేదు. పౌచ్‌లు అయిపోవడానికి ఎన్ని నెలలు పడుతుందో లెక్కేసుకుని, ఈలోగా స్టిక్కర్ మీద ఎరుపుల పరీక్ష షీటు వేయించి ఒకటి ఖాయం చేయండి, దాంతో శివకాశి షేడ్ కార్డ్ చేయించండి, పౌచ్ కొత్త ఆర్డర్ ఇచ్చే ముందు హైదరాబాద్ కార్డు చేతికి రావాలి. ఆ కార్డు కొరియర్లో వచ్చిన రోజు ముందు ఖాళీ పౌచ్ ముక్కలో తెల్లకాగితం, నల్లకాగితం పెట్టి చూడండి, తర్వాత స్టిక్కర్ పక్కన పెట్టి కిటికీ దగ్గర చూడండి, రెండూ కుదిరాకే సంతకం చేయండి.